పాఠం 6: తాతయ్య గోదావరి దాటాడా, దాటేవాడా?

పోయిన పాఠంలో స్పానిష్ భూతకాలాలు రెండూ, ఫ్రెంచ్‌వి రెండూ రాయించాను కదా, వాటి రూపాలు మీకు నోటికి వచ్చేసే ఉంటాయి. చిక్కు అక్కడ లేదు. ‘మై గ్రాండ్‌ఫాదర్ క్రాస్డ్ ద రివర్’ అని ఇంగ్లీష్ వాక్యం ఒకటి ముందు పెట్టి స్పానిష్‌లో రాయమంటే క్రుసో అనాలా, క్రుసాబా అనాలా అని అందరికీ టెన్షన్ మొదలవుతుంది. ఆ ‘క్రాస్డ్’ని ఎంతసేపు తిప్పి చూసినా జవాబు దొరకదు, ఎందుకంటే ఒక్కసారి దాటాడా, రోజూ దాటేవాడా అన్న సమాచారమే అందులో లేదు.

అది మన తెలుగులో ఉంది.

మాది యానాం. ఎదుర్లంక వైపు వంతెన పడకముందు గోదావరి పాయ గౌతమి దాటాలంటే రేవుకెళ్ళి పంటు ఎక్కాల్సిందే. ఇప్పుడు ఆ ఇంగ్లీష్ వాక్యాన్నే మీ ఇంట్లో చెప్పినట్టు తెలుగులో చెప్పండి. ‘ఆ రోజు తాతయ్య గోదావరి దాటాడు’ అంటే ఒక్కసారి జరిగి అయిపోయిన పని, స్పానిష్‌లో క్రుసో, ఫ్రెంచ్‌లో ఇల్ ఆ త్రవేర్సే. ‘తాతయ్య రోజూ పొద్దున్నే దాటేవాడు’ అంటే అలవాటు, అది క్రుసాబా, ఫ్రెంచ్‌లో ఇల్ త్రవేర్సే. ‘తాతయ్య దాటుతుండగా ఇంజను ఆగిపోయింది’ అన్నారనుకోండి, దాటడం ఇంకా నడుస్తూనే ఉంది కాబట్టి అదీ క్రుసాబాయే, మధ్యలో వచ్చి పడిన ‘ఆగిపోయింది’ మాత్రం క్రుసో జాతి. అంటే మనకున్న మూడు రూపాలు వాళ్ళ రెండు గంపల్లో సర్దుకుంటాయి: దాటాడు ఒక గంపలో, దాటేవాడు, దాటుతుండగా రెండూ కలిసి రెండో గంపలో.

(ఫ్రెంచ్ వాక్యాలు రెండింటికీ చెవికి బాగా తెలిసే తేడా మధ్యలో ఉన్న ఆ చిన్న ‘ఆ’యే, అది మింగేస్తే ఒకసారి దాటినవాడు రోజూ దాటేవాడైపోతాడు. అన్నట్టు గౌతమి సముద్రంలో కలుస్తుంది కాబట్టి ఫ్రెంచ్‌లో దాన్ని ఫ్లెవ్ అనాలి, రివియేర్ కాదు.)

ఈ పద్ధతితో చాలా వాక్యాలు గట్టెక్కుతాయి, అన్నీ కాదు. మొదట బోల్తా కొట్టేది లెక్క కట్టిన కాలం దగ్గర. ‘20 ఏళ్ళు తాతయ్య రోజూ గోదావరి దాటేవాడు’ అంటే తెలుగులో ఏ తప్పూ లేదు, అందుకని మనం ధైర్యంగా క్రుసాబా రాసేస్తాం. కానీ స్పానిష్‌వాళ్ళు అక్కడ క్రుసో అంటారు, ఫ్రెంచ్‌వాళ్ళూ ఆ త్రవేర్సే అనే అంటారు. వేలసార్లు దాటి ఉండొచ్చు, అయినా 20 ఏళ్ళు అని కొలిచి చెప్పేసరికి ధాన్యం కొలిచి గాదెలో పోసి మూత వేసినట్టే, మొత్తం కలిపి అయిపోయిన ఒకే పని కింద లెక్క. ‘నా చిన్నప్పుడు తాతయ్య రోజూ దాటేవాడు’ అంటే మాత్రం కొలత లేదు, మూత లేదు, క్రుసాబాయే. కాబట్టి ‘రోజూ’ కనబడగానే తొందరపడొద్దు, పక్కన ఎన్నేళ్ళు, ఎన్ని నెలలు అన్న అంకె ఉందేమో చూడండి.

రెండో చోట మన తెలుగే మనల్ని మోసం చేస్తుంది. ‘పంటు దిగేసరికి ఐదైంది’ అంటాం. ‘ఐంది’ అన్నాం కదా అని నా దగ్గర నేర్చుకునే అమలాపురం కుర్రాడొకడు ఐదు గంటలకి క్రుసో జాతిదైన ఫ్వేరొన్ వాడాడు. గడియారం సంగతి చెప్పేటప్పుడు స్పానిష్‌లో అది కుదరదు, ఎరాన్ లాస్ సింకో అనాలి, ఫ్రెంచ్‌లోనూ ఇల్ ఎతే సాంక్ ఎర్. వాళ్ళ దృష్టిలో ఐదు కావడం జరిగిన సంఘటన కాదు, దిగేటప్పటికి చుట్టూ ఉన్న పరిస్థితి. ‘ఆకలేసింది, అందుకని పెసరట్టు తిన్నాను’లోనూ అంతే. తినడం కోమీ, సరే. ఆకలికీ అదే జాతి తూవె రాస్తే వ్యాకరణం ప్రకారం తప్పు కాదు గానీ ‘ఉన్నట్టుండి ఆకలి పుట్టుకొచ్చింది’ అన్నట్టు వినిపిస్తుంది. మామూలుగా అయితే తెనీయా. వయసుకీ తెనీయాయే, ‘నాకు పదేళ్ళప్పుడు’ అనే మాటలో మనకి క్రియే ఉండదు కాబట్టి తెలుగుని అడిగినా జవాబు రాదు, దీన్ని గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఇలాంటి చోట తెలుగు క్రియని పక్కనపెట్టి ఒకటే ప్రశ్న వేసుకోండి: ఈ వాక్యంతో కథ ఒక అడుగు ముందుకి కదిలిందా, లేక కదిలే ముందు అక్కడ ఏముందో చెబుతోందా? ఐదవడంతో కథ కదల్లేదు, పంటు దిగడంతో కదిలింది.

‘ఐ న్యూ’ దగ్గరికొచ్చేసరికి తెలుగు మళ్ళీ మన పక్షానికి వస్తుంది. ‘నాకు అప్పటికే తెలుసు’ అయితే సాబీయా, ‘నాకు అప్పుడే తెలిసింది’ అయితే సూపే. ఇంగ్లీష్ ఒక్క మాటతో సరిపెట్టిన చోట మనకీ స్పానిష్‌వాళ్ళకీ రెండున్నాయి.

పాఠం 7 లోపు ఈ ముక్క ముందు తెలుగులో, తర్వాత మీకు నచ్చిన భాషలో రాసి పెట్టుకోండి: ‘వెన్ ఐ వాజ్ టెన్, వి లివ్డ్ నియర్ ద రివర్. వన్ నైట్ ద వాటర్ కేమ్ ఇన్‌టు ద హౌస్. వి స్టేడ్ ఆన్ ద రూఫ్ ఫర్ టు డేస్.’ మూడు క్రియలకి పెద్దగా ఆలోచన అక్కర్లేదు. నాలుగోది ‘స్టేడ్’, అక్కడ రెండు రోజులన్న అంకెని చూసి రాయండి.