రోస్ట్‌ను ఓవెన్‌లోంచి ఎప్పుడు తీయాలి? బయటికి తీశాక పెరిగే వేడిని లెక్కలో వేసుకోవడం ఎలా?

థర్మామీటర్‌లో మనకు కావలసిన అంకె కనబడేదాకా ఆగి ఓవెన్ ఆపితే, అప్పటికే ఆలస్యమైపోయినట్టు. 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర తీసిన పెద్ద మాంసం ముక్క పావుగంట తర్వాత 69 చూపించవచ్చు. లోపల లేత గులాబీ రంగులో, రసంగా ఉండాల్సిన మాంసం బూడిదరంగుకు తిరిగి పీచుపీచుగా అయిపోతుంది. మొదట్లో ఇలా జరిగినప్పుడల్లా నేను థర్మామీటరే తప్పు చూపిస్తోందనుకునేదాన్ని.

అసలు సంగతి ఏమిటంటే, ఓవెన్ వేడి ముక్క మధ్యకు నేరుగా చేరదు. ముందు పైభాగం కాలుతుంది, అక్కడి నుంచి వేడి మెల్లగా లోపలికి పాకుతుంది. మధ్యలో 57 ఉన్న సమయానికి పైపొరకు కాస్త దిగువన 80 దాటి ఉండొచ్చు. బయటికి తీశాక ఆ వేడిలో కొంత గాలిలోకి పోతుంది, మిగతాది లోపలికే వెళ్తుంది. అందుకే పైభాగం చల్లబడుతున్నా మధ్యభాగం ఇంకా ఉడుకుతూనే ఉంటుంది.

ఎంత పెరుగుతుందన్నది ముఖ్యంగా రెండింటి మీద ఆధారపడుతుంది: ఓవెన్ ఎంత వేడిగా ఉంది, ముక్క ఎంత మందంగా ఉంది. 120 డిగ్రీల ఓవెన్‌లో నిదానంగా కాల్చితే లోపలికీ బయటికీ తేడా తక్కువ కాబట్టి మామూలుగా 2, 3 డిగ్రీలే పెరుగుతుంది. 180లో కాల్చిన పెద్ద ముక్కకు 5, 6 డిగ్రీలు, 220 దాటితే 8 వరకూ పెరగవచ్చు. పలచటి ముక్కల్లో దాచుకునే వేడే ఉండదు, వాటికి ఈ లెక్క పెద్దగా అక్కర్లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎముక తీసేసి దారంతో చుట్టి కట్టిన 2 కిలోల గొర్రె తొడ మాంసం, ఓవెన్ 180 డిగ్రీలు, చివరికి మధ్యలో 63 కావాలి. అంటే 57 దగ్గర తీయాలి.

థర్మామీటర్‌కు ఉండే సూదిలాంటి ప్రోబ్ మొనను అత్యంత మందంగా ఉన్న చోట, సరిగ్గా మధ్యకు చేరేలా గుచ్చండి. మొన కొవ్వు పొరలో ఉన్నా, ఎముకకు తగిలినా అంకెను నమ్మలేం. అనుమానం ఉంటే ప్రోబ్‌ను కొంచెం ముందుకూ వెనక్కూ జరిపి చూడండి. ఎక్కడ అంకె అన్నిటికన్నా తక్కువ ఉందో అదే మధ్య.

57 చూపించగానే బయటికి తీసి, కాల్చిన ట్రేలోంచి వెంటనే చెక్క బల్ల మీదికో జాలీ మీదికో మార్చండి. ఈ పని చాలామంది వదిలేస్తారు. కాలిపోతున్న ట్రేలోనే ఉంచితే అడుగు నుంచి ఇంకా వేడి తగులుతూనే ఉంటుంది, మన లెక్క తప్పుతుంది. పైన ఫాయిల్‌ను వదులుగా, గుడారంలా వేస్తే చాలు. గట్టిగా చుట్టేస్తే లోపలి ఆవిరికి కరకరలాడే పైపొర మెత్తబడుతుంది, వేడి కూడా అనుకున్నదానికన్నా ఎక్కువ పెరుగుతుంది.

ప్రోబ్‌ను మాత్రం తీయకండి. మొదటి 5 నిమిషాల్లో అంకె చకచకా 60 దాకా వెళ్తుంది. పది నిమిషాలకు 62. ఆ తర్వాత నెమ్మదించి, పావుగంట ప్రాంతంలో 63 దగ్గర కాసేపు నిలబడి, మెల్లగా దిగడం మొదలుపెడుతుంది. అలా దిగడం మొదలైనప్పుడే కోయాలి. అప్పటికి మాంసంలోని రసం కూడా కాస్త చిక్కబడుతుంది కాబట్టి బల్ల మీద మడుగు కట్టదు.

మీ ఓవెన్‌లో ఇవే అంకెలు రాకపోవచ్చు. తీసినప్పటి అంకె, చివరికి చేరిన అంకె కాగితం మీద రాసుకుంటే, మరోసారి అదే బరువున్న ముక్కకు ఎంత ముందు తీయాలో తెలిసిపోతుంది.

కోడి విషయంలో నేను ఇంత ధీమాగా ఉండను. పొట్ట ఖాళీగా ఉంటుంది కాబట్టి వేడి లోపలి వైపు నుంచి కూడా పోతుంది, పెరుగుదలను ముందే చెప్పడం కష్టం. కోడి మాంసం 74 డిగ్రీలు చేరాలన్నది అమెరికా వ్యవసాయ శాఖ సూచన. రొమ్ము 71 దగ్గర తీశారనుకోండి, తొడ లోపలి భాగంలోనూ రొమ్ములోనూ 74 కళ్లారా చూశాకే కోయండి. పది నిమిషాలైనా అంకె 72 దగ్గరే ఆగిపోతే మళ్లీ ఓవెన్‌లో పెట్టేయాలి.

గొర్రె మాంసం విషయంలో దీనికి తిరగబడి, ఐదో నిమిషానికే 63 వచ్చేసి అంకె ఇంకా ఎక్కుతోందనుకోండి. ఫాయిల్ తీసేసి, వెంటనే ముక్కను అడ్డంగా రెండు మూడు పెద్ద భాగాలుగా కోసి విడివిడిగా పెట్టండి. కాస్త రసం పోతుంది, కానీ వేడి బయటికి పోయే దారి దొరికి పెరుగుదల అక్కడితో ఆగుతుంది.