రెండు వ్యతిరేకార్థాల మాటలు పోగేసేవారికి

లోన్ శాంక్షన్ అయిందంటే అనుమతి దొరికినట్టు. అదే ఒక దేశం మీద శాంక్షన్లు పెట్టారంటే ఆంక్షలు. ఇలాంటి ఇంగ్లిష్ మాటలు పోగేసేటప్పుడు రెండు అర్థాలు రాసి ఊరుకోకండి. ఒక్కో అర్థానికి ఒక వాక్యం రాసి, డిక్షనరీలో ఆ మాట ఒకే ఎంట్రీగా ఉందో, 1, 2 అని అంకెలతో విడిగా ఉందో కూడా రాసుకోండి. ఆ మాట పుట్టుక ఒకటా రెండా అన్న అసలు రహస్యం అక్కడే ఉంటుంది.

క్లీవ్ చూడండి. కట్టెను చీల్చడమూ క్లీవే, అంటిపెట్టుకుని ఉండడమూ క్లీవే. పాత ఇంగ్లిష్‌లో ఇవి రెండు వేర్వేరు క్రియలు, పోనుపోను ఒకే రూపానికి వచ్చేశాయి. అంటుకోవడం అనే అర్థంలో పక్కన సాధారణంగా ‘టు’ ఉంటుంది, దాన్నిబట్టి పోల్చుకోవచ్చు. శాంక్షన్ అలా కాదు, దాని లాటిన్ మూలం ఒక్కటే, శాసనం చేయడమని. శాసనం అనుమతీ ఇస్తుంది, శిక్షా వేస్తుంది కదా!

కొత్తవి కావాలంటే వస్తువు పేరే క్రియగా మారిన మాటల్లో వెతకండి. సీడ్ అంటే పొలంలో విత్తనాలు చల్లడం, వంటింట్లో టమాటా గింజలు తీసేయడం. డస్ట్ కూడా ఇలాంటిదే, బీరువా మీద దుమ్ము దులపడానికీ, కేకు మీద పంచదార పొడి చల్లడానికీ అదే మాట.