ఓటరు కరపత్రం తెలుగులో తడబడితే: సమస్య - పరిష్కారం

బెంగళూరులో కన్నడ, ఇంగ్లీషు కరపత్రాలను అపార్ట్‌మెంటు సంఘాలో, కాలనీ యువకులో తెలుగు చేసి పంచేటప్పుడు ఎక్కువగా తడబడేది ఫారాల దగ్గరే. అందుకే దానితో మొదలుపెడదాం.

సమస్య: ఇల్లు మారినవారు ఫారం 8 బదులు కొత్త ఓటర్ల కోసం ఉన్న ఫారం 6 నింపుతున్నారు.

కారణం: "కొత్త చిరునామాలో కొత్తగా నమోదు చేసుకోండి" అనే వాక్యం. కొత్తది ఇల్లా, ఓటరా అన్నది అందులో తేలదు. పాత కరపత్రాన్ని చూసి రాసినా ఇదే జరుగుతుంది. 2022 ఆగస్టుకు ముందు వేరే నియోజకవర్గానికి మారినవారు ఫారం 6 నింపేవారు. ఇప్పుడు నియోజకవర్గం లోపల మారినా, బయటికి వెళ్లినా ఫారం 8 ఒక్కటే.

పరిష్కారం: చదివేవారి పరిస్థితిని ముందు అడిగి, ఫారం పేరు తర్వాత చెప్పండి:

"మీ పేరు దేశంలో ఎక్కడైనా ఓటర్ల జాబితాలో ఉందా? లేకపోతే ఫారం 6 నింపండి. ఉండి, ఇల్లు మారితే ఫారం 8 నింపండి."

అనంతపురంలో ఓటు ఉండి, ఇప్పుడు మారతహళ్లిలో ఉంటున్న వ్యక్తిని ఊహించుకోండి. అతను ఫారం 8లో ఓటరు కార్డు నంబరు, కొత్త చిరునామా రాసి, చిరునామా రుజువు జత చేయాలి. ఫారం 6 నింపితే, తాను మొదటిసారి నమోదవుతున్నానని సంతకం చేసినట్టవుతుంది. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 31వ సెక్షన్ ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందువల్ల ఫారం గురించిన వాక్యాన్ని అచ్చుకు ముందు మూలం చూడని ఒకరిచేత చదివించండి. "అర్థమైందా?" అంటే అందరూ తల ఊపుతారు. "మీరైతే ఏ ఫారం నింపుతారు?" అని అడగండి.

సమస్య: "నోటా నొక్కవద్దని చెబుతున్నారా?" అని చదివినవారు అడుగుతున్నారు.

కారణం: "ఎవరూ నచ్చకపోతే మాత్రమే నోటా" అని రాశారు. మూలంలో లేని "మాత్రమే" వచ్చి చేరింది. "నచ్చకపోతే" కూడా ఓటరు మనసులోని కారణాన్ని మనమే ఊహించి చెప్పడమే.

పరిష్కారం: "ఏ అభ్యర్థికీ ఓటు వేయదలచుకోనివారు నోటా బటన్ నొక్కవచ్చు." ఇంతే చాలు. నోటాకు ఎన్ని ఓట్లు పడినా అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారన్నది నిజమే. కానీ మూలంలో ఆ మాట లేనప్పుడు తెలుగులో చేర్చితే అది నిరుత్సాహపరచడమే అవుతుంది. "మంచి నాయకుణ్ణి ఎన్నుకోండి", "అభివృద్ధికి ఓటు" వంటివీ తీసేయండి. అవి ప్రచార సభల్లో వినిపించే మాటలు.

సమస్య: నమూనా బ్యాలెట్ బొమ్మ చూసి కొందరు నవ్వుతున్నారు, కొందరు కోప్పడుతున్నారు.

కారణం: ఉదాహరణకు సైకిల్, ఫ్యాన్ గీశారు. కర్ణాటక ఎన్నికే అయినా, ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవారికి అవి పార్టీ గుర్తులే.

పరిష్కారం: గుర్తుల చోట ఖాళీ గడులు, పేర్ల చోట "అభ్యర్థి 1", "అభ్యర్థి 2" పెట్టండి. బటన్ నొక్కే వేలిని ఏ ఒక్క వరుస మీదా గీయకుండా యంత్రం పక్కన విడిగా గీయండి.