పగిలిన ల్యాప్‌టాప్ స్క్రీన్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా, చెప్పిన ధర సరైనదేనా?

కీబోర్డు మీద పెన్నో ఇయర్‌ఫోనో ఉండగానే మూత మూయడం, బస్సులో బ్యాగు మీద ఎవరైనా ఆనుకోవడం, మూతను ఒక మూల పట్టుకుని లాగడం వంటి కారణాల వల్ల ల్యాప్‌టాప్ తెరలు ఎక్కువగా పగులుతుంటాయి. ఆ తర్వాత దుకాణాలకు వెళ్లి "డిస్‌ప్లే మార్చడానికి ఎంత అవుతుంది?" అని అడిగితే, ఒకరు నాలుగు వేలు, ఇంకొకరు ఏడు వేలు, కంపెనీ సర్వీస్ సెంటర్ పదహారు వేలు చెప్పడం మామూలే. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆ ప్రశ్నలో ఏ ప్యానెల్, అంటే చిత్రం చూపే ఏ తెర పలక, అన్నది లేదు కాబట్టి ముగ్గురూ మూడు వేర్వేరు వస్తువులకు ధర చెప్పి ఉంటారు. బాగు చేయించాలా, యంత్రాన్నే మార్చాలా అన్న నిర్ణయం మరమ్మతు ధర మీదే ఆధారపడుతుంది కనుక, ముందుగా పాడైనది ఏమిటో, దాని పేరేమిటో తెలుసుకోవాలి. ఇక్కడ సాధారణ 15.6 అంగుళాల విండోస్ ల్యాప్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకుని వివరిస్తున్నాను.

లక్షణం: సాలెగూడు లాంటి పగులు, సిరా ఒలికినట్టు నల్ల మచ్చ, రంగు గీతలు

కారణం: ఎల్‌సీడీ ప్యానెల్‌లో రెండు పలుచని గాజు పలకల మధ్య ద్రవ స్ఫటికాల పొర ఉంటుంది. గాజు పగిలిన చోట ఆ పొర చెదిరి నల్ల మచ్చ ఏర్పడుతుంది, పిక్సెళ్లకు సంకేతాలు అందించే సన్నని దారులు తెగి నిలువు, అడ్డ గీతలు వస్తాయి.

పరిష్కారం: ప్యానెల్ మార్చడం ఒక్కటే మార్గం. జిగురుతో అతికించడం, గాజు మాత్రమే మార్చడం వంటివి ఇక్కడ కుదరవు. మచ్చ మీద వేలితో నొక్కితే అది ఇంకా పాకుతుంది కాబట్టి, ముఖ్యమైన ఫైళ్లు దాచుకునే వరకు మూతను కదల్చకుండా ఉంచడం మంచిది. ఇంట్లోని టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి, విండోస్ మీటతో పాటు P నొక్కి Duplicate ఎంచుకుంటే పని జరిగిపోతుంది.

లక్షణం: పగులు కనిపించదు, కానీ గీతలు, మినుకులు వస్తాయి, మూత కదిపితే అవి మారుతుంటాయి

కారణం: కీలు దగ్గర మడతపడే డిస్‌ప్లే కేబుల్ నలిగి ఉండవచ్చు, లేదా దాని కనెక్టర్ వదులై ఉండవచ్చు. పరిష్కారం కేబుల్ మార్చడమే, దీని ఖర్చు ప్యానెల్ ధర కంటే చాలా తక్కువ. ఈ లక్షణం చూసి కూడా "ప్యానెల్ పోయింది" అనే దుకాణాలున్నాయి. మూత కదిపినప్పుడు చిత్రం మారడాన్ని వారి ఎదుటే చూపించి, కేబుల్ పరీక్షించిన తర్వాతే ధర చెప్పమనాలి.

లక్షణం: తెర పూర్తిగా నల్లగా ఉంది

చీకట్లో టార్చ్ వెలుగు ఏటవాలుగా వేసినప్పుడు మసకగా చిత్రం కనిపిస్తే, తెర వెనుక దీపానికి, అంటే బ్యాక్‌లైట్‌కు సంబంధించిన లోపమని అర్థం. టార్చ్‌తోనూ ఏమీ కనిపించక, టీవీకి కలిపినప్పుడు అక్కడ కూడా చిత్రం రాకపోతే, లోపం మదర్‌బోర్డులో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు ప్యానెల్‌కు మాత్రమే కొటేషన్ తీసుకోవడంలో అర్థం లేదు.

లక్షణం: పగులు కీలు ఉన్న మూల నుంచే మొదలైంది

ఎక్కువ మంది పట్టించుకోనిదీ, ఎక్కువ డబ్బు వృథా అయ్యేదీ ఇక్కడే. చాలా మధ్యతరగతి ధర ల్యాప్‌టాప్‌లలో లోహపు కీలును పట్టి ఉంచేవి ప్లాస్టిక్‌లో పొదిగిన చిన్న ఇత్తడి నట్లు. కీలు బిగుసుకుపోయిన కొద్దీ మూత తెరిచిన ప్రతిసారీ ఆ నట్ల మీద లాగుడు పెరుగుతుంది, చివరికి ప్లాస్టిక్ చిట్లి అవి ఊడిపోతాయి. అప్పటి నుంచి కీలు బలమంతా ప్యానెల్ అంచు మీద పడుతుంది, కింది మూలలో పగులు మొదలవుతుంది.

గుర్తించడం కష్టం కాదు. మూతను నెమ్మదిగా తెరుస్తూ కీలు ఉన్న మూలను పక్క నుంచి చూడండి: తెర చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం విచ్చుకుంటున్నా, టిక్కుమన్న చప్పుడు వస్తున్నా కీలు పట్టు తప్పినట్టే. ఈ లోపాన్ని సరిచేయకుండా కొత్త ప్యానెల్ బిగిస్తే, కొద్ది నెలల్లో అదీ అదే మూలలో పగిలే ప్రమాదం ఉంది, దానికి దుకాణం వారంటీ ఇవ్వదు. కాబట్టి కొటేషన్‌లో కీలు, అవసరమైతే వెనుక మూత కూడా వేరే వరుసలో రాసి ఉండాలి. సర్వీస్ సెంటర్ ధర ఎక్కువగా ఉండడానికి ఒక కారణం ఇదే: వారు చాలాసార్లు ప్యానెల్, మూత, కీళ్లు, కేబుల్ కలిపిన మొత్తం భాగానికి ధర చెబుతారు. కీలు నిజంగా విరిగినప్పుడు ఆ ధర న్యాయమైనదే కావచ్చు, విరగనప్పుడు అనవసరం.

ప్యానెల్ పేరు తెలుసుకోవడం

ప్యానెల్ వెనుక అతికించిన కాగితం మీద NV156FHM-N48, N156BGA-EA3 వంటి నంబరు ఉంటుంది. ల్యాప్‌టాప్ మోడల్ పేరు ఒకటే అయినా లోపలి ప్యానెల్ వేరు కావచ్చు కనుక ఈ నంబరే ఆధారం. విప్పకుండానే కొంత సమాచారం కావాలంటే డివైస్ మేనేజర్‌లో Monitors కింద ఉన్న పేరు మీద కుడి క్లిక్ చేసి Properties, Details, Hardware Ids వరుసగా తెరవండి. అక్కడ కనిపించే BOE, AUO, CMN, LGD వంటి మూడక్షరాలు ప్యానెల్ తయారీదారును తెలుపుతాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు కూడా రాసుకోండి. వీటి ఫొటోలు ఫోనులో ఉండాలి, తర్వాత పనికొస్తాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే, 1366 × 768 హెచ్‌డీ ప్యానెళ్లకూ, 1920 × 1080 ఫుల్ హెచ్‌డీ ప్యానెళ్లకూ చాలావరకు ఒకే 30 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. అందువల్ల ఫుల్ హెచ్‌డీ తెర ఉన్న యంత్రంలో చవకైన హెచ్‌డీ ప్యానెల్ బిగించినా అది వెలుగుతుంది. ఆశ్చర్యపరిచేంత తక్కువ ధర వెనుక తరచుగా ఉండే కారణం ఇదే. అలాగే ఏ కోణం నుంచి చూసినా రంగులు పెద్దగా మారని ఐపీఎస్ రకం తెర స్థానంలో టీఎన్ రకం తెర వచ్చినా మొదట తేడా తెలియకపోవచ్చు, కానీ కింది నుంచి చూస్తే రంగులు నల్లబడి తలకిందులవుతాయి. 144 హెర్ట్జ్ గేమింగ్ తెరలకు సాధారణంగా 40 పిన్నులుంటాయి, వాటి ధరా ఎక్కువే. టచ్ గాజు అతికి ఉన్న తెరలకూ, మూత మొత్తాన్నీ ఒకే భాగంగా మార్చే మ్యాక్‌బుక్‌లకూ ఇక్కడి లెక్కలు వర్తించవు.

బాగు చేయించడమా, మార్చడమా: ఒక లెక్క

2020లో కొన్న ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ ఒకటి అనుకుందాం. అందులో 10వ తరం ఐ5, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. తెరతో పాటు ఎడమ కీలు కూడా పట్టు తప్పింది. దుకాణం కొటేషన్‌లో ప్యానెల్‌కు 5,000, కీలు మరమ్మతుకు 1,200, కూలీకి 700, మొత్తం 6,900 రూపాయలు రాశారు. 18 శాతం జీఎస్టీ 1,242 కలిపితే 8,142 రూపాయలు. ఊరిని బట్టి, సమయాన్ని బట్టి ఈ ధరలు మారతాయి, లెక్క పద్ధతి మాత్రం మారదు.

ఇంతటితో ఆగకుండా బ్యాటరీ సంగతీ చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా టైప్ చేయండి:

```
powercfg /batteryreport
```

ఇది తయారు చేసే నివేదికలో DESIGN CAPACITY 41,000, FULL CHARGE CAPACITY 24,000 అని ఉంటే బ్యాటరీలో దాదాపు 58 శాతం సామర్థ్యమే మిగిలిందని అర్థం. త్వరలోనే మార్చాల్సి వస్తుంది కనుక పన్నుతో కలిపి 2,800 రూపాయలు కూడా ఇప్పుడే లెక్కలో వేయాలి. అసలు ఖర్చు 10,942 రూపాయలు.

దీన్ని కొత్త ల్యాప్‌టాప్ ధరతో పోల్చడం పొరపాటు, ఎందుకంటే ఆ పోలికలో మరమ్మతే ఎప్పుడూ చవకగా కనిపిస్తుంది. ఇదే సామర్థ్యమున్న, పనిచేసే పాత ల్యాప్‌టాప్ ధరతో పోల్చాలి. అది 22,000 రూపాయలనుకుందాం. పగిలిన యంత్రాన్ని ఉన్నది ఉన్నట్టు అమ్మితే 7,000 వస్తాయనుకుంటే, చేతి నుంచి 15,000 పెట్టాలి; పైగా వచ్చే యంత్రం చరిత్ర మనకు తెలియదు. కనుక ఇక్కడ మరమ్మతే మేలు. అదే యంత్రానికి సర్వీస్ సెంటర్ ధర 16,000 మాత్రమే దిక్కయితే, బ్యాటరీతో కలిపి 18,800 అవుతుంది, అప్పుడు మార్చడమే సబబు.

ప్రాసెసర్ 7వ తరం ఇంటెల్ లేదా అంతకంటే పాతదైతే నా సలహా వేరు. కొన్ని మినహాయింపులు తప్ప అలాంటి యంత్రాలకు విండోస్ 11 అధికారికంగా లభించదు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. బ్యాంకు పనులకు వాడే యంత్రమైతే దాని మీద ఐదు వేలు పెట్టడం కూడా నాకు సమ్మతం కాదు. పిల్లల చదువుకో, లినక్స్ వాడకానికో అయితే పాత మానిటర్‌కు కలిపి బల్ల మీదే వాడుకోవచ్చు.

సరైన కొటేషన్ రాబట్టడం

తయారీదారు వెబ్‌సైట్‌లో సీరియల్ నంబరు ఇచ్చి, ప్రమాదవశాత్తు జరిగే నష్టానికి రక్షణ ప్లాన్ ఉందేమో ముందు చూడండి. సాధారణ వారంటీ పగులుకు వర్తించదు కానీ, కొనేటప్పుడు ఆ ప్లాన్ తీసుకుని మరచిపోయినవారు చాలామంది. వేరే దుకాణంలో విప్పిన తర్వాత దాన్ని వాడుకోవడం కష్టం కావచ్చు.

ఆ తర్వాత కనీసం మూడు చోట్ల అడగండి. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట వరుసగా దుకాణాలు ఉండటం వల్ల ఇది ఒక్కపూటలో అయ్యే పని. అడిగే మాట ఇలా ఉండాలి: "అన్నా, ఈ నంబరు ప్యానెల్ కావాలి. కొత్తదా, వేరే ల్యాప్‌టాప్ నుంచి తీసిందా? వారంటీ ఎన్ని నెలలు? కూలీ, జీఎస్టీ కలిపి ఎంత?" నంబరు చెప్పగానే బేరం తీరే మారిపోతుంది, ఎందుకంటే అందరూ ఒకే వస్తువుకు ధర చెప్పాల్సి వస్తుంది. తీసిన ప్యానెల్ తక్కువ ధరకు వస్తే తప్పులేదు, కానీ ఆ మాట బిల్లు మీద ఉండాలి. ప్యానెల్ నంబరు రాయడానికి ఒప్పుకోని దుకాణంలో, ధర ఎంత తక్కువైనా, పని చేయించవద్దని గట్టిగా చెబుతాను.

వీలైతే పని మీ ఎదుటే చేయించండి, మామూలు మోడల్‌కు గంటకు మించి పట్టదు. డిస్‌ప్లే కేబుల్ ముట్టుకునే ముందు బ్యాటరీ కనెక్టర్ తీశారో లేదో గమనించండి. తీయకుండా కేబుల్ పెడితే బోర్డు మీది బ్యాక్‌లైట్ ఫ్యూజు కాలే ప్రమాదముంది, అప్పుడు కొత్త తెర కూడా చీకటిగానే ఉంటుంది. తెర పరీక్షకు విండోస్ తెరుచుకోకముందే వచ్చే బయోస్ పేజీ చాలు కాబట్టి యంత్రం అక్కడ వదిలి వచ్చినా పాస్‌వర్డ్ ఇవ్వనవసరం లేదు.

డబ్బు చెల్లించే ముందు మీరే లాగిన్ అయి రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు, Hardware Ids ఫోనులోని ఫొటోలతో పోల్చండి. ప్యానెల్ తయారీదారు మారితే Hardware Ids మారడం సహజమే, రిజల్యూషన్ మాత్రం తగ్గకూడదు. తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు పెట్టి చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో, అంచుల్లో వెలుగు కారుతోందేమో చూడండి. కింది నుంచీ పక్కల నుంచీ చూడండి. మూతను నాలుగైదు సార్లు పూర్తిగా తెరిచి మూసి, చట్రం విచ్చుకోవడం లేదని నిర్ధారించుకున్నాక బిల్లు తీసుకోండి.