కంపెనీ రివ్యూలు చదవడం ఎలా? 3వ పాఠం: పద్నాలుగు రివ్యూలు, ఎందరు సాక్షులు?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. ఒక కంపెనీకి 5 రివ్యూలు, రేటింగ్ 4.8. ఇంకోదానికి 400 రివ్యూలు, రేటింగ్ 3.9. ఏది మేలు?

మనం నేర్చుకున్న పద్ధతి ఇది. ప్రతి కంపెనీ ఖాతాలో 3.5 చొప్పున 10 ఉత్తుత్తి రివ్యూలు వేసి, అప్పుడు సగటు తీయాలి. ఏమీ తెలియని కంపెనీకి మనం వేసే మామూలు మార్కు 3.5 అనుకోండి. మొదటి కంపెనీకి వచ్చిన 24 చుక్కలకు 35 కలిపి 15తో భాగిస్తే 3.93 వస్తుంది. రెండోదానికి 1560కి 35 కలిపి 410తో భాగిస్తే 3.89. అంటే రెండూ ఇంచుమించు ఒకటే. అయిదుగురు ఇచ్చిన 4.8కి అంతకు మించి బలం లేదు.

అయితే ఈ పద్ధతిలో ఒక లొసుగుంది. ప్రతి రివ్యూ వేరే మనిషి, వేరేగా ఆలోచించి రాసిందే అని అది నమ్ముతుంది. అలా కానప్పుడు ఏం చేయాలన్నదే ఈ పాఠం.

మా అక్క కొడుక్కి హన్మకొండలో ఒక కంపెనీ బ్రాంచి నుంచి ఆఫర్ వచ్చింది. హసన్‌పర్తి నుంచి రోజూ బస్సులో పోయి రావచ్చని అక్క సంబరం. వాడు ఫోన్ చూపించి, "మామా, 3.8 ఉంది గదా, ఇంకేం చూడాలె?" అన్నాడు. ఆ 3.8 ఆరు వందల పైచిలుకు రివ్యూల సగటు. దాదాపు అన్నీ హైదరాబాద్ ఆఫీసువే. వరంగల్ అని ఫిల్టర్ పెడితే మిగిలినవి 14. సగటు 3.9. వాడు ఇంకా ధీమా పడ్డాడు.

ఒక తెల్ల కాగితం తీసుకుని నాలుగు గడులు గీయమన్నాను: తేదీ, చుక్కలు, డిపార్ట్‌మెంట్, రాసినవాళ్లు చెప్పిన ఒక ఖచ్చితమైన విషయం. విషయమేమీ చెప్పకపోతే నాలుగో గడి ఖాళీగానే వదిలేయాలి. అరగంట పని. మీరూ ఇలాగే చేయండి. ఫోన్‌లో కిందికి జరుపుతూ పోతే కనపడనివి కాగితం మీద కనపడతాయి.

చుక్కలు ఇలా తేలాయి. అయిదు ఇచ్చినవి 9, నాలుగు ఇచ్చింది 1, రెండు ఇచ్చింది 1, ఒకటి ఇచ్చినవి 3. మూడు ఇచ్చినవాళ్లు అసలు లేరు. సగటు 3.9 అని పైన కనపడుతున్నా, దానికి దగ్గరగా మార్కు వేసింది ఆ 14 మందిలో ఒక్కరే.

ఇప్పుడు తేదీల గడి. అయిదు చుక్కలు ఇచ్చిన తొమ్మిదింటిలో ఏడు, మార్చి 4 నుంచి 14 లోపలే పడ్డాయి. ఏడింటిలోనూ 'మంచి వాతావరణం', 'టీమ్ ఫ్రెండ్లీ' అనే మాటలే. నచ్చనివి అన్నచోట 'ఏమీ లేదు' అని ఉంది. నాలుగో గడి ఏడుసార్లూ ఖాళీ. ఇవన్నీ దొంగ రివ్యూలని నేను అనను. కొత్తగా చేరిన బ్యాచ్‌కు ట్రైనింగ్ వారంలోనే హెచ్‌ఆర్ వాళ్లు వాట్సాప్‌లో లింకు పంపి రాయమని ఉండవచ్చు. పిల్లలు నిజంగానే సంతోషంగా రాసి ఉంటారు, అప్పటికి ఇంకా ఒక్క జీతమూ రాకముందే. కానీ ఆ ఏడింటినీ రాయించింది ఒకే కదలిక. అందుకే వాటిని కొట్టేయకుండా ఒక్కటిగా లెక్కపెట్టాం. మొత్తం 24 చుక్కలు, 8 మంది, సగటు 3.0.

"అయితే మోసమే గదా మామా!" అన్నాడు. ఎక్కువమంది ఇక్కడే బోల్తా పడతారు. పొగడ్తను జల్లించిన జల్లెడతోనే తిట్టునూ జల్లించాలి. ఒక చుక్క ఇచ్చిన ముగ్గురిలో ఇద్దరు జూన్‌లో ఒకే వారం రాశారు. ఇద్దరిదీ ఒకే డిపార్ట్‌మెంట్, ఇద్దరూ తిట్టింది టీమ్ లీడ్‌నే. అది ఒకే గొడవ కావచ్చు, కలిసి మానేసిన ఇద్దరు స్నేహితులు కావచ్చు. ఒకే వ్యక్తి రెండుసార్లు రాసినా మనకు తెలియదు. వాటినీ ఒక్కటి చేశాం. 23 చుక్కలు, 7 మంది, సగటు 3.3. దీనికి పది ఉత్తుత్తి రివ్యూలు కలిపితే 3.4. మామూలు మార్కు 3.5 పక్కనే ఆగిపోయాం. అంటే చుక్కల వల్ల మనకు తెలిసింది దాదాపు సున్నా.

ఇక నాలుగో గడి. అక్టోబర్‌లో ఒక చుక్క ఇచ్చిన సపోర్ట్ ఉద్యోగి, ఒకటో తారీఖు రావాల్సిన జీతం ఇరవై దాటాక పడుతోందని రాశాడు. జనవరిలో రెండు చుక్కలు ఇచ్చిన టెస్టింగ్ ఉద్యోగి రెండు నెలలు ఆలస్యమైందన్నాడు. ఏప్రిల్‌లో నాలుగు చుక్కలు ఇచ్చిన మనిషి పనినీ, మేనేజర్‌నూ మెచ్చుకుని, నచ్చనివి అన్నచోట 'జీతం అప్పుడప్పుడు లేటు' అని ఒక్క ముక్క రాశాడు. నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన వాక్యం ఇదే. ఆయనకు కంపెనీ మీద కోపం లేదు, అయినా ఆ మాట రాయకుండా ఉండలేకపోయాడు. మూడు వేర్వేరు నెలలు, మూడు డిపార్ట్‌మెంట్లు, మూడు రకాల మార్కులు, ఫిర్యాదు మాత్రం ఒకటే. చుక్కలు ఏమీ తేల్చని చోట ఈ ముగ్గురు సాక్షులు తేల్చారు. జనవరి రివ్యూ పడిన రెండు నెలలకే మార్చి పొగడ్తల వాన కురిసిందన్నది కూడా తేదీల గడి వల్లే పట్టుబడింది.

రాయనివాళ్ల సంగతి కూడా చూడాలి. అరవై మంది పనిచేసే బ్రాంచిలో డిపార్ట్‌మెంట్, నెల రాస్తే చాలు, రాసిందెవరో అందరికీ తెలిసిపోతుంది. మన ఊళ్లో ఇంకానూ. ఒకే కాలేజీ, ఒకే హాస్టల్, సాయంత్రం ఒకే టీ కొట్టు. అందుకే మధ్యస్థంగా ఉన్నవాళ్లు నోరు మెదపరు. గ్లాస్‌డోర్ లాంటి సైట్లలో మిగతావి చదవాలంటే ముందు మనం ఒకటి రాయాలన్న నియమం ఉంది. దానివల్ల మధ్యవాళ్లూ కొంత రాస్తారు. కానీ తాళం తెరుచుకుంటే చాలని 'గుడ్' అని కొట్టి వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. కాబట్టి పొట్టు రివ్యూ కనపడగానే కంపెనీయే రాయించిందని తీర్మానించకండి.

జీతం సంగతికి రివ్యూ రాయని సాక్షి ఒకరున్నారు. ఉద్యోగుల పీఎఫ్ డబ్బును కంపెనీ మరుసటి నెల 15వ తేదీలోగా కట్టాలి. ఈపీఎఫ్‌ఓ సైట్‌లో Establishment Search తెరిచి, కంపెనీ పేరు కొట్టి, View Payment Details నొక్కితే ఏ నెల పీఎఫ్ ఏ తేదీన జమైంది, ఎంతమందికి కట్టారు అన్నది కనపడుతుంది. ఒకే పేరుతో చాలా సంస్థలు ఉంటాయి, చిరునామా సరిచూసుకోండి. మేము చూసిన కంపెనీకి ఏడాదిలో అయిదు నెలలు గడువు దాటి ఉంది. పీఎఫ్ ఆలస్యమైతే జీతమూ ఆలస్యమైనట్టే అని అనలేం. ఆ సంఖ్య మొత్తం సంస్థది కావచ్చు, మన బ్రాంచిది మాత్రమే కాకపోవచ్చు. 20 మంది కన్నా తక్కువ ఉన్న చిన్న ఆఫీసులు అసలు ఆ జాబితాలో కనపడకపోవచ్చు కూడా. అయినా ఇది ముగ్గురి మాటకు నాలుగో మాట.

వాడు హెచ్‌ఆర్‌కు ఫోన్ చేసి, "జీతం ఏ తారీఖున పడుతుంది మేడమ్?" అని అడిగాడు. "నెలలో పడిపోతుంది" అన్నారు, తారీఖు చెప్పలేదు. చేతిలో ఇంకో ఆఫర్ లేదు కాబట్టి చేరాడు. చేరేముందు రెండు నెలల ఖర్చులకు వాళ్లమ్మ దగ్గర డబ్బు అట్టిపెట్టించుకున్నాడు.

అభ్యాసం: మీరు చూస్తున్న కంపెనీకి మీ ఊరి ఫిల్టర్ పెట్టి, 10 నుంచి 20 రివ్యూలకు నాలుగు గడులు నింపండి. ఒకే కదలికతో వచ్చినవాటిని ఒక్కటిగా కలిపి, మొదటి సగటు, తర్వాతి సగటు పక్కపక్కన రాయండి. వేర్వేరు నెలల్లో కనీసం ముగ్గురు చెప్పిన విషయం ఏదైనా ఉంటే దాని కింద గీత గీయండి. ఆ కాగితం దాచుకోండి. తర్వాతి పాఠంలో, చెడ్డ రివ్యూల కింద కంపెనీలు ఇచ్చే జవాబులను దాని పక్కనే పెట్టి చదువుదాం.