‘కూడదు’ అన్న నియమానికి ‘తేవచ్చు’ అని జవాబు వస్తుంటే ఎక్కడ వెతకాలి

లక్షణం

బెంగళూరులో మారతహళ్లి వైపు అపార్ట్‌మెంట్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. నివాసుల సంఘం నియమాలను తెలుగులో ఎక్కించి, ప్రశ్నకు తగిన నియమాన్ని వెతికి జవాబిచ్చే ప్రోగ్రాములు రాసేవారు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. నియమం సరిగ్గానే దొరుకుతుంది, జవాబు మాత్రం తలకిందులవుతుంది. ‘పెంపుడు జంతువులను తీసుకురాకూడదు’ అన్న నియమాన్ని పట్టుకుని, ‘కుక్కను తీసుకురావచ్చా?’ అన్న ప్రశ్నకు ‘తీసుకురావచ్చు’ అని చెబుతుంది.

వెంటనే అందరూ మోడల్ మార్చాలనుకుంటారు. దయచేసి ఆగండి.

మోడల్ జోలికి వెళ్లే ముందు

ఒక వాక్యాన్నీ దాని వ్యతిరేక వాక్యాన్నీ తీసుకుని, శుభ్రపరిచే దశ దాటాక మిగిలిన పదాలను తెరమీద అచ్చువేయించి చూడండి. రెండూ ఒకేలా కనిపిస్తే వెతుకులాట అక్కడితో ముగిసినట్టే. ‘లేదు’, ‘కాదు’, ‘వద్దు’ తరచుగా వచ్చే పదాలు కాబట్టి వడపోత జాబితాలో పడి ఎగిరిపోతాయి. తెలుగులో అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. మన నిషేధం చాలాసార్లు విడి పదంగా ఉండదు, క్రియలోనే కలిసిపోతుంది. ప్రత్యయాలను కోసే ప్రోగ్రాము ‘తీసుకురాకూడదు’ను ‘తీసుకురా’గా కత్తిరిస్తే, నిషేధం కాస్తా ఆజ్ఞగా మారుతుంది. ‘లేకుండా’, ‘రాని’, ‘రాడు’ వంటి రూపాలకూ ఇదే గతి పడుతుంది. రెండు నిమిషాలు పట్టని ఈ పరీక్షను దాటవేసి వారాల తరబడి మోడల్‌కు శిక్షణ ఇచ్చేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

పదాలన్నీ ఉన్నా తేడా తెలియడం లేదంటే

‘ఈ భవనంలో పెంపుడు జంతువులకు అనుమతి ఉంది’ అన్నది ఆరు పదాల వాక్యం. చివరి పదం ‘లేదు’గా మారిస్తే వ్యతిరేక వాక్యం వస్తుంది. పదం అర్థాన్ని సూచించే అంకెల వరుసను పద వెక్టర్ అంటారు. వాక్యంలోని పద వెక్టర్ల సగటును వాక్యానికి వెక్టర్‌గా తీసుకున్నారనుకుందాం. అన్ని పదాల వెక్టర్ల పొడవు ఒకటే అనీ, ఏ రెండు పదాలకూ పోలిక లేదనీ అనుకున్నా, ఈ రెండు వాక్యాల దగ్గరితనాన్ని కొలిచే కొసైన్ 5/6, అంటే 0.83. నిజానికి ‘ఉంది’, ‘లేదు’ ఒకే రకమైన వాక్యాల్లో, ఒకే చోట వస్తాయి కాబట్టి వాటి వెక్టర్లు కూడా దగ్గరగానే ఉంటాయి. ఆ దగ్గరితనం 0.6 అనుకుంటే వాక్యాల కొసైన్ 0.93కు చేరుతుంది.

ఇది ప్రోగ్రాములో తప్పు కాదు. పదం అర్థం దాని చుట్టూ వచ్చే పదాల్లో కనిపిస్తుందని 1950లలో భాషావేత్తలు హారిస్, ఫర్త్ చెప్పిన ఆలోచన మీదే, పద వెక్టర్లు తయారుచేసే పద్ధతిగా 2013లో వచ్చిన వర్డ్2వెక్ నిలబడింది. చుట్టుపక్కల పదాలు ఒకటే అయినప్పుడు వ్యతిరేక పదాలు పక్కపక్కనే కూర్చుంటాయి. సందర్భాన్ని చూసే మోడళ్లలోనూ ఈ బలహీనత పూర్తిగా పోలేదు. ‘రాబిన్ ఒక ___’, ‘రాబిన్ ___ కాదు’ అన్న వాక్యాల్లోని రెండు ఖాళీలనూ బర్ట్ అనే అలాంటి మోడల్ ‘పక్షి’ వంటి ఒకే పదాలతో నింపుతుందని 2020లో అలిసన్ ఎటింగర్ చూపించారు.

కాబట్టి కొసైన్‌ను నియమం వెతకడానికే వాడండి. అవునో కాదో తేల్చే పని దానికి అప్పగించవద్దు. ఇంతవరకు చాలామంది వస్తారు. అసలు దెబ్బ దీని తర్వాత తగులుతుంది.

దొంగ కారణం: నిషేధం కింద దిశ తిరగబడుతుంది

ఒక వాక్యం నిజమైతే మరొకటి నిజం కాక తప్పదని తేల్చడానికి దిశ కావాలి. ‘కుక్కను తెచ్చాడు’ నిజమైతే ‘జంతువును తెచ్చాడు’ నిజం, వెనక్కి మాత్రం కుదరదు. కొసైన్‌కు దిశ లేదు, ఎటు నుంచి కొలిచినా అదే అంకె. ఇది గ్రహించినవారు చిన్న పదం నుంచి పెద్ద పదానికి వెళ్లవచ్చన్న సూత్రాన్ని చేర్చి, వాక్యంలో నిషేధం ఉందో లేదో చెప్పే గుర్తు ఒకటి పెడతారు. సాదా వాక్యాలతో పరీక్షిస్తే అన్నీ సరిగ్గా వస్తాయి. అందుకే ఈ తప్పు చాలాకాలం దాగి ఉంటుంది.

ఇప్పుడు ‘కుక్కలను లిఫ్టులో తీసుకెళ్లకూడదు’ అన్న నియమం ఇవ్వండి. కుక్క నుంచి పెంపుడు జంతువుకు ఎక్కి, ‘పెంపుడు జంతువులను లిఫ్టులో తీసుకెళ్లకూడదు’ అని తేలుస్తుంది. పిల్లిని పెంచుకునే పెద్దావిడ ఏ నియమమూ లేకుండానే మెట్లెక్కాల్సి వస్తుంది. నియమం జంతువులన్నిటి గురించి ఉండి, ప్రశ్న కుక్క గురించి వస్తే ‘నియమం లేదు’ అంటుంది. నిషేధం పరిధిలోకి వెళ్లిన పదం పెద్దదాని నుంచి చిన్నదానికి దిగాలి. పెంపుడు జంతువు దేనికీ అనుమతి లేదు, కుక్క పెంపుడు జంతువే, కాబట్టి కుక్కకూ అనుమతి లేదు. తర్కంలో రాస్తే ఇది కళ్లకు కడుతుంది:

```
∀x (pet(x) → ¬allowed(x))
∀x (dog(x) → pet(x))
⊢ ∀x (dog(x) → ¬allowed(x))
```

మరి వాక్యంలో నిషేధం ఉంటే దిశ మొత్తం తిప్పేస్తే సరిపోదా? సరిపోదు. ఈ నియమం చూడండి: ‘రాతపూర్వక అనుమతి లేకుండా పెంపుడు జంతువులను తీసుకురాకూడదు.’ ఇందులో రెండు నిషేధాలున్నాయి. ‘జంతువులు’ ఒక్క ‘కూడదు’ పరిధిలోనే ఉంది, కాబట్టి కిందికి దిగాలి: కుక్కలనూ అలా తేకూడదు. ‘రాతపూర్వక అనుమతి’ మాత్రం ‘లేకుండా’ కిందా ‘కూడదు’ కిందా కూడా ఉంది. రెండుసార్లు తిరగబడి మళ్లీ పైకే ఎక్కుతుంది: అసలే అనుమతి లేకుండా తేకూడదన్నదీ ఇందులోంచి వస్తుంది. వెనక్కి రాదు, ఎందుకంటే ‘అనుమతి లేకుండా’ అని మాత్రమే ఉన్న నియమానికి నోటిమాట అనుమతి చాలవచ్చు. ఒకే వాక్యంలో ఒక పదం కిందికి, ఇంకొకటి పైకి. వాక్యానికంతా ఒకే గుర్తు పెట్టినా, నిషేధాలను లెక్కపెట్టి సరిసంఖ్య అయితే కొట్టేసినా ఇది దొరకదు.

పరిష్కారం: గుర్తును వాక్యానికి కాకుండా ఒక్కో పదానికీ పెట్టండి. వాక్య నిర్మాణ వృక్షంలో పై నుంచి ‘+’తో మొదలుపెట్టి, నిషేధం పరిధిలోకి దిగిన ప్రతిసారీ గుర్తు తిప్పండి. ‘+’ ఉన్న పదం బదులు పెద్దది, ‘−’ ఉన్న పదం బదులు చిన్నది పెట్టవచ్చు. ‘ప్రతి’ని మరచిపోవద్దు. ‘ప్రతి జంతువుకూ టీకా వేయించాలి’లో నిషేధమే లేదు, అయినా ‘జంతువు’కు గుర్తు తిరుగుతుంది. వాక్యాన్నంతా తర్కసూత్రంగా మార్చే మాంటెగ్యూ తరహా పూర్తి తర్కరూపం కట్టకుండానే ఇంతవరకు సాధించవచ్చని పరిశోధకులు మెకార్ట్నీ, మానింగ్ 2007లో నాట్‌లాగ్ అనే ప్రోగ్రాముతో చూపించారు.

కుక్క జంతువేనన్న సంగతిని ఎంబెడింగ్‌ను, అంటే పద వెక్టర్‌ను, అడగవద్దు. కుక్కకు దాని దృష్టిలో పిల్లి కూడా దగ్గరే. ఆ సంబంధాన్ని, భారతీయ భాషల పదాల సంబంధాలను నమోదు చేసిన ఇండోవర్డ్‌నెట్‌లోని తెలుగు భాగం నుంచో, మీరే చేత్తో రాసుకున్న పట్టిక నుంచో తీసుకోండి. అపార్ట్‌మెంటు నియమాలకు చిన్న పట్టికే చాలు.

మిగతావి

కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అక్షరం చేరి ఒకే పదం రెండుగా కనిపించడం, వెక్టర్ ఫైలు సగమే దిగడం అరుదుగా జరుగుతాయి. ఒకసారి చూసి వదిలేయండి. వెక్టర్ పొడవు 100 నుంచి 300కు పెంచితే ఈ జబ్బు నయం కాదు.

ఇంకో రకం వాక్యాలను మాత్రం ఈ పద్ధతికి ఇవ్వవద్దు. ‘సాధారణంగా జంతువులను అనుమతించరు’ అన్నదాంట్లోంచి కుక్కల గురించి ఖాయంగా ఏదీ రాదు. ‘సాధారణంగా’, ‘చాలావరకు’ కనిపించగానే గుర్తులు పెట్టడం ఆపి, నియమం ఉన్నదున్నట్టు చూపించి, సంఘం కార్యదర్శిని అడగమని చెప్పే జవాబు పెట్టండి.