ఫ్రెండ్స్ చాట్‌ని మూడ్ పోకుండా తెలుగు చేయడం ఎలా?

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో మా ఫ్రెండ్ ఒకడు ఫోన్ చేసి, తన రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ స్క్రీన్ మీద వేయడానికి ఒక చాట్ తెలుగు చేసిపెట్టమన్నాడు. ఢిల్లీలో తనతో చదువుకున్న కుర్రాడు మొదటిసారి వైజాగ్ వచ్చిన రోజు ఇద్దరూ ఇంగ్లీషులో కొట్టుకున్న మెసేజ్‌లవి. చదవబోయేది గాజువాక నుంచీ విజయనగరం నుంచీ వచ్చే పెద్దమ్మలు, బాబాయిలు. వాళ్లు నవ్వాలి, అదీ షరతు. తొమ్మిది మెసేజ్‌లే కదా, పది నిమిషాల్లో అయిపోతుందనుకున్నాను. ఒక పూట పట్టింది.

```
A: bro where r u
B: at the submarine like u said
A: i said RUSHIKONDA 💀
B: no u didnt
B: ...
B: ok u did 😭
A: smh. stay there, brb w bike
A: ur paying for food tho
B: 🙏🙏🙏
```

సబ్‌మెరైన్ అంటే ఆర్కే బీచ్‌లో ఇసుక మీద ఉన్న కురుసుర. 2002లో మ్యూజియం అయినప్పటి నుంచి ఊళ్లో అందరికీ అదే కొండగుర్తు. రుషికొండ భీమిలి రోడ్డులో ఎక్కడో ఉంది. బండి మీద వెళ్లినా కాస్త టైమ్ పడుతుంది.

ముందు మాటల జోలికి వెళ్లకండి. కాగితం మీద ఒక్కో మెసేజ్ పక్కన అది చేస్తున్న పని రాసుకోండి. నేను రాసుకున్నది ఇది: తొందర, అమాయకత్వం, తల బాదుకోవడం, బుకాయింపు, పాత మెసేజ్ వెతుక్కునే మౌనం, తప్పు ఒప్పుకోలు, విసుగు, దెప్పు, దండం. ఇలా రాసుకుంటే చాట్‌లో నవ్వు ఎక్కడుందో తేలుతుంది. ఇక్కడ అది మూడు చుక్కల మెసేజ్‌లో ఉంది. వాడు పైకి జరిపి చూసుకుని నాలిక కరుచుకున్న క్షణం అది. 'నువ్వు చెప్పలేదు, ఆ... సరే, చెప్పావు' అని ఒకే వాక్యంగా కలిపేస్తే ఆ క్షణం పోతుంది. అందుకే ఎన్ని మెసేజ్‌లుంటే అన్నే ఉంచాలి, ఒక్కటి కూడా కలపకూడదు.

తర్వాత వరస తేల్చుకోండి. ఇంగ్లీషులో ఒక్క 'యూ'తో బండి నడుస్తుంది కానీ తెలుగులో ప్రతి క్రియా వరస అడుగుతుంది. ఇద్దరూ మగపిల్లలు, ఒకే వయసు, కాబట్టి 'రా' సరిపోతుంది. అదే ఇద్దరు అమ్మాయిలైతే 'ఎక్కడున్నావే' అంటారు. అబ్బాయీ అమ్మాయీ అయితే ఊహించకండి, వాళ్లు ఏమని పిలుచుకుంటారో అడగండి. ఈ 'రా' వచ్చాక bro అన్న మాటకి వేరే పదం అక్కర్లేదు. 'సోదరా' అంటే సభలో మాట్లాడినట్టుంటుంది. 'మామా' బాగానే ఉంటుంది కానీ, పెళ్లిలో అసలు మావయ్యలు ముందు వరసలోనే కూర్చుంటారు!

మన వైపు మాట పెడదామనీ అనిపిస్తుంది. 'ఎక్కడున్నావ్ రా' బదులు 'ఏట్రా, ఎక్కడ' అంటే ఉత్తరాంధ్ర వాసన వస్తుంది. పెళ్లికొడుకు ఇక్కడివాడు కాబట్టి అతని నోట ఒకటి రెండు చోట్ల నప్పుతుంది. ఢిల్లీ కుర్రాడి నోట మాత్రం పెట్టకండి. ప్రతి వాక్యంలో యాస దూరితే జనం యాసకి నవ్వుతారు, జరిగినదానికి కాదు.

పొట్టి మాటలు వచ్చినచోట విప్పి అనువదించడమే పెద్ద పొరపాటు. smh పూర్తి రూపం 'తల అడ్డంగా ఊపుతున్నాను'. అది అలాగే రాస్తే నాటకం పుస్తకంలో బ్రాకెట్లో రాసే సూచనలా ఉంటుంది. ఆ సమయంలో మనవాడి నోటి నుంచి ఏం వస్తుంది? 'ఛ, నీతో కష్టంరా.' brb అంటే 'వచ్చేస్తున్నా'. చివర్లో వచ్చే tho అన్న తోకకి 'అయినప్పటికీ' అక్కర్లేదు, 'మాత్రం' చాలు. మరో చాట్‌లో idk వస్తే 'నాకు తెలియదు' అని సాక్ష్యం చెప్పించకండి. 'ఏమో' అనండి, ఇంగ్లీషు కన్నా పొట్టి కూడా.

మనకి పెద్దక్షరాలు లేవు. RUSHIKONDA అని అరిచిన అరుపుని మాటల వరసలోకి తేవాలి. 'నేను రుషికొండ అని చెప్పాను' అంటే అరుపు పోయింది. 'నేను చెప్పింది రుషికొండ రా బాబూ' అంటే ఊరి పేరు చివరికి జరిగి దెబ్బ దాని మీద పడుతుంది. సాగదీత ఉన్న చాట్‌లైతే ఇంకో చిక్కు ఉంది. sooo లాంటిదానికి 'చాలా'లో దీర్ఘం గుర్తుని మళ్లీ మళ్లీ కొడితే స్క్రీన్ మీద చుక్కల సున్నాలు ప్రత్యక్షమవుతాయి. అచ్చు అక్షరం వాడాలి: చాలాఆఆ, ప్లీఈఈజ్.

ఇక ఎమోజీలు. ఇవి అన్ని భాషల్లో ఒకటే అనుకుని తాకకుండా వదిలేస్తారు చాలామంది. నేనూ మొదట వదిలేశాను. పెళ్లికొడుకు వాళ్లమ్మగారు చూసి, 'పెళ్లిలో పుర్రె ఏంటి నాయనా' అన్నారు. కుర్రాళ్లకి 💀 అంటే 'ఇక నా వల్ల కాదు, చచ్చాను' అని. పెద్దవాళ్లకి అది అశుభం. 😭 కూడా అంతే, కుర్రాళ్లు నవ్వలేక ఏడుస్తున్నామని పెడతారు, ఆవిడకి నిజం ఏడుపే కనిపించింది. కాబట్టి ఎవరు చదువుతారో చూసుకోవాలి. కుర్రాళ్ల కోసమే అయితే రెండూ ఉంచేవాణ్ని. ఇక్కడ పుర్రె బదులు 🤦, ఏడుపు బదులు 😅 పెట్టాను. 🙏 మాత్రం కదపలేదు. దండానికి మనవాళ్లకి అర్థం చెప్పాలా?

```
A: ఎక్కడున్నావ్ రా
B: నువ్వు చెప్పావ్‌గా, సబ్‌మెరైన్ దగ్గరే
A: నేను చెప్పింది రుషికొండ రా బాబూ 🤦
B: అలా ఏం చెప్పలేదే
B: ...
B: సరే, చెప్పావ్ 😅
A: ఛ, నీతో కష్టంరా. అక్కడే ఉండు, బండి తీసుకుని వచ్చేస్తున్నా
A: తిండి ఖర్చు మాత్రం నీదే
B: 🙏🙏🙏
```

ఎనిమిదో మెసేజ్‌లో 'మురీ మిక్చర్ మాత్రం నీదే' అని రాయాలని చెయ్యి చాలా లాగింది. బీచ్ కదా, అందరూ నవ్వుతారు కూడా. కానీ ఆ రోజు వాళ్లు తిన్నది అది కాదు. కథలో పాత్రలైతే మార్చుకోవచ్చు. ఇది ఇద్దరు మనుషుల నిజం చాట్, అందులో లేనిది పెట్టే హక్కు నాకు లేదు.

రాశాక, అసలు చాట్ చూడనివాళ్ల చేత బయటికి చదివించండి. చదివాక మూడే అడగండి: తప్పెవరిది, ఎవరికైనా నిజంగా కోపం వచ్చిందా, వీళ్ల వయసెంత? మా పెద్దమ్మ మొదటి ప్రతి చదివి 'ఆ అబ్బాయి బాగా నొచ్చుకున్నట్టున్నాడే' అంది. చూస్తే ఆరో మెసేజ్‌లో 'క్షమించు, చెప్పావు' అని రాసి ఉన్నాను. ఫ్రెండ్స్ మధ్య 'క్షమించు' వచ్చిందంటే నిజంగానే ఏదో జరిగిందన్నమాట. 'సరే' అని మార్చి మళ్లీ ఇస్తే నవ్వింది.

స్క్రీన్ వాళ్లకి ఇచ్చేటప్పుడు టెక్స్ట్‌గా కాకుండా బొమ్మగా ఇవ్వండి. వాళ్ల కంప్యూటర్‌లో తెలుగు ఫాంట్ సరిగా లేకపోతే వత్తులు విడిపోతాయి. సాఫ్ట్‌వేర్ పాతదైతే కొత్త ఎమోజీల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి.